నాన్న ఊరెళ్లాడని చెప్పకండి

ప్రశ్న: నమస్తే అండీ. మేం పాలకొల్లులో ఉంటాం. పెళ్లై 14 ఏళ్లు. ఆయనకు రాజోలు వైపు రొయ్యల చెరువులున్నాయి, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇక కలిసి ఉండలేమని ఇద్దరం ఒప్పుకున్నాం. కొట్టుకోవడాలు, కేసులు లేవండీ. సంక్రాంతి వెళ్లాక ఆయన వాళ్ల అమ్మానాన్నల ఇంటికి మారిపోతారు. పాపకు 9 ఏళ్లు, బాబుకు 4. ‘చెరువుల పని మీద నాన్న అక్కడ ఉంటున్నాడని చెప్పండి, పెద్దయ్యాక వాళ్లకే తెలుస్తుంది’ అంటున్నారు మా అత్తగారు. మా అమ్మదీ అదే మాట. పిల్లలకు ఏం చెప్పాలి? తర్వాత వాళ్ల రాకపోకలు గొడవల్లేకుండా ఎలా చూసుకోవాలి?

జవాబు: పెద్దవాళ్లిద్దరూ పిల్లలు బాధపడకూడదనే అలా అంటున్నారు. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వినకండి. పని మీద వెళ్లాడంటే పని అయ్యాక వస్తాడనే కదా అర్థం. చెరువులో రొయ్యల పట్టుబడి ఎప్పుడు అవుతుందో తొమ్మిదేళ్ల పాపకు తెలుసు. పట్టుబడి అయిపోయింది, నాన్న రాలేదు. అప్పుడు కారణం తనలోనే వెతుక్కుంటుంది. మార్కులు తగ్గాయనో, తమ్ముడితో దెబ్బలాడాననో, ఏదో ఒకటి దొరుకుతుంది. ఈలోగా బడిలోనో, పక్కింట్లోనో ఎవరో ఒకరు అసలు సంగతి చెప్పేస్తారు. మీరు విడిపోయారన్న బాధకు తోడు, ఇంట్లో అందరూ తనకు అబద్ధం చెప్పారన్న బాధ కూడా చేరుతుంది. ఆ తర్వాత పాప మిమ్మల్ని ఏమీ అడగదు. మీరు భయపడాల్సింది ఆ మౌనానికి.

అయితే ఇవాళే చెప్పేయకండి. ముందు మీరిద్దరే, పిల్లలు ఇంట్లో లేని పూట కూర్చోండి. ఆయన వెళ్లే తేదీ, పిల్లలు ఏ రోజుల్లో ఎక్కడ పడుకుంటారు, బడికి ఎవరు దింపుతారు, ఫోను ఎన్ని గంటలకు, ఇవి తేల్చుకుని కాగితం మీద రాసుకోండి. విడిపోతున్నామని వినగానే చిన్నపిల్లల బుర్రలో మెదిలేవి ఇవే. ‘ఇంకా ఏం అనుకోలేదు’ అన్న జవాబు వాళ్లను ఎక్కువగా కంగారు పెడుతుంది.

ఆయన వెళ్లడానికి పది రోజుల నుంచి రెండు వారాల ముందు చెబితే చాలు. నెలల ముందు చెబితే నాలుగేళ్లవాడికి ఆ కాలం అర్థం కాదు, పాప రోజులు లెక్కపెట్టుకుంటూ నలిగిపోతుంది. పండగ మూడు రోజులూ గడవనివ్వండి. భోగి మంట దగ్గర విన్న మాట ఏటా భోగికి గుర్తొస్తుంది. తర్వాత వచ్చే ఆదివారం ఉదయం, టిఫిన్లయ్యాక, చుట్టాలెవరూ లేకుండా మీరిద్దరూ కలిసి, ఇద్దరు పిల్లలకూ ఒకేసారి చెప్పండి. రాత్రి పడుకునే ముందు, బడికి బయల్దేరే ముందు వద్దు. విన్నాక అడగడానికి, ఏడవడానికి రోజంతా ఉండాలి.

మాటలు ఇలా ఉండొచ్చు: ‘అమ్మా నాన్నా ఇకమీదట ఒకే ఇంట్లో ఉండరు. ఇది మేం పెద్దవాళ్లం ఇద్దరం తీసుకున్న నిర్ణయం. మీరు చేసినదాని వల్ల కాదు, మీరేం చేసినా మారదు. నాన్న మామ్మా తాతయ్యల ఇంట్లో ఉంటారు. మీ బడి, మీ మంచం, మీ స్నేహితులు ఇక్కడే. శుక్రవారం సాయంత్రం నాన్న బడికి వచ్చి తీసుకెళ్తారు, ఆదివారం సాయంత్రం తీసుకొస్తారు.’ అంతే. మొదటి సగం ఒకరు, రెండో సగం ఒకరు చెప్పండి. ఆయన నోటితో ఆయన వెళ్తున్నానని చెప్పడం ముఖ్యం, లేకపోతే అమ్మ పంపించేసిందని మిగిలిపోతుంది. ఎందుకని పాప అడుగుతుంది. ‘మాకు ఒకరితో ఒకరికి కుదరలేదు, చాలాకాలం ప్రయత్నించాం’ అనండి. తప్పెవరిదన్న వివరం ఇద్దరిలో ఎవరూ ఇవ్వకండి. ‘చూద్దాం’, ‘ప్రస్తుతానికి’ లాంటి మాటలు వాడకండి. ఆ చిన్న సందులోంచి పాప ఆశ పెట్టుకుని, మిమ్మల్ని కలపడం తన పని అనుకుంటుంది.

పాప ఏడవకుండా ‘సరే’ అని ఆటకి వెళ్లిపోతే ధైర్యంగా ఉందని అనుకోకండి, మూడు నాలుగు రోజులకు అడగడం మొదలుపెడుతుంది. బాబు మాత్రం అదే ప్రశ్న రోజుకు పదిసార్లు అడుగుతాడు. ప్రతిసారీ అదే జవాబు, అవే మాటల్లో చెప్పండి. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవ్వొచ్చు, బడి గేటు దగ్గర కొంగు వదలకపోవచ్చు. కొన్ని వారాల్లో తగ్గాలి. రెండు మూడు నెలలైనా తగ్గకపోయినా, పాప తిండి, నిద్ర, స్నేహితులు మానేసినా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. చచ్చిపోతానన్న మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి.

ఇక రాకపోకలు. శుక్రవారం బడి నుంచే తీసుకెళ్లాలని ఊరికే అనలేదు. ఉదయం మీరు దింపుతారు, సాయంత్రం ఆయన తీసుకెళ్తారు, ఆ పూట గుమ్మంలో మీరిద్దరూ ఎదురుపడే అవసరం ఉండదు. ఫీజులు, డబ్బు, లాయరు మాటలు గుమ్మంలోనే పుడతాయి, పిల్లలు చెప్పులేసుకుంటూ వింటారు. బాబుకు వారమంతా తండ్రి కనపడకపోతే చాలా దూరం. రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటితే వచ్చేసేంత దగ్గరే కాబట్టి, బుధవారం సాయంత్రం ఆయన వచ్చి రెండు గంటలు బయట తిప్పి తీసుకురావచ్చు. శుక్రవారం వెళ్లినప్పుడు బాబుకు మొదటి నెల ఒక్క రాత్రితో మొదలుపెట్టి, వాడు అలవాటు పడ్డాక రెండు రాత్రులు చేయండి. వాడి దుప్పటి, ఆ బొమ్మ ఏదుంటే అది, వాడితోనే వెళ్లి రావాలి.

ఆయన పనిలో ఒక చిక్కు ఉంది. నీరు పాడైనా, రొయ్యకు జబ్బు తగిలినా అర్ధరాత్రి పట్టుబడి పడుతుంది, శుక్రవారం రాలేకపోవచ్చు. అలాంటప్పుడు ఆయనే పిల్లలకు ఫోన్ చేసి, ఎందుకు రాలేదో, బదులు ఏ రోజు వస్తారో చెప్పాలి. ఆ కబురు మీరు మోయకండి. మీ కబుర్లు పాపతో పంపకండి కూడా: ‘స్కూలు ఫీజు కట్టలేదని నాన్నకి చెప్పు’ అన్న ఒక్క మాటతో పాప మీ ఇద్దరి మధ్య గుమాస్తా అయిపోతుంది. మందులు, హోంవర్క్, జ్వరం వంటివి బడి సంచిలో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, డబ్బు సంగతులు మెసేజ్‌లో.

పిల్లలకు చెప్పే ముందురోజు రెండు వైపుల పెద్దవాళ్లకూ మీరు అనబోయే మాటలే వినిపించండి. ‘అమ్మ దగ్గరుంటావా, నాన్న దగ్గరుంటావా?’ అని ముద్దుకి కూడా ఎవరూ అడగకూడదని గట్టిగా చెప్పండి. ఎవరి తల్లిదండ్రులకు వాళ్లే ఇది చెప్పాలి. వచ్చే ఏడు పండగకి పిల్లల్ని మధ్యలో ఇటూ అటూ లాగకండి. ఒక ఏడు భోగి నుంచి కనుమ వరకూ ఒక ఇల్లు, మరుసటి ఏడు రెండో ఇల్లు. ప్రభల తీర్థానికి వాళ్లు ఏ ఇంటి నుంచి వెళ్లారన్నది కాదు, వెళ్లారన్నదే వాళ్లకు గుర్తుంటుంది.

చట్టం సంగతి: మీది హిందూ వివాహమైతే, 1955 హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడాకులు కోరడానికి కనీసం ఏడాది విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక మామూలుగా మరో 6 నెలలు ఆగాలి. తగిన కారణముంటే కోర్టు ఆ గడువు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీకు ఏడాది చేతిలో ఉంది. మీరు రాసుకున్న కాగితం ప్రకారం నడిచి చూడండి, ఏది కుదరట్లేదో సరిచేసి, ఆ సరిచేసిన ఏర్పాటునే పిటిషన్‌లో పెట్టించండి. అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం అంటుంది, ఆ మాటను ఆయన మీద ఎత్తిచూపకండి. మరి కొన్ని నెలల్లో బాబుకు అయిదేళ్లు నిండుతాయి, ఆ పైన మీరిద్దరూ కుదుర్చుకున్నదే పనికొస్తుంది.

మీరు టీచరు కాబట్టి ఇది మీకు తెలుసు: ఆదివారం చెప్పాక, సోమవారం ఉదయమే పిల్లల క్లాస్ టీచర్లకు రెండు ముక్కల్లో చెప్పండి, శుక్రవారాలు ఎవరు తీసుకెళ్తారో బడి రిజిస్టర్‌లో రాయించండి.