400 కిలోహెర్ట్జ్‌లో ఐ2సి బస్: పుల్-అప్ విలువ ఎలా తేల్చాలి?

ప్రశ్న: 3.3 వోల్ట్ల ఐ2సి బస్, మూడు సెన్సర్లు, మీటరు కేబుల్, 4.7 కిలోఓమ్ పుల్-అప్‌లు. 100 కిలోహెర్ట్జ్‌లో బాగుంది, 400కి పెంచితే అప్పుడప్పుడు ఎర్రర్లు. రెసిస్టర్ ఎంత పెట్టాలి?

జవాబు: ఓపెన్-డ్రెయిన్ పిన్ లైన్‌ను కిందికి లాగగలదే తప్ప పైకి నెట్టలేదు. పైకి లేపే పని పూర్తిగా రెసిస్టర్‌దే, అదీ బస్ మొత్తం కెపాసిటెన్స్‌ను ఛార్జ్ చేస్తూ. అందుకే దిగే అంచు నిటారుగా, ఎక్కే అంచు వంపుగా కనిపిస్తాయి.

ముందు కెపాసిటెన్స్ అంచనా. కంట్రోలర్‌తో కలిపి నాలుగు పిన్‌లు, ఒక్కోదానికి 10 చొప్పున 40 పికోఫారడ్లు. బోర్డు ట్రాక్‌లకు 30, మీటరు కేబుల్‌కు 100 అనుకుందాం. మొత్తం 170.

ఐ2సిలో రైజ్ టైమ్‌ను సప్లైలో 30 శాతం నుంచి 70 శాతం వరకు లెక్కిస్తారు:

```
tr   = 0.8473 * R * C
Rmax = tr_max / (0.8473 * C)
Rmin = (VDD - 0.4) / 0.003
```

4.7 కిలోఓమ్‌కు సుమారు 677 నానోసెకన్లు వస్తుంది. 100 కిలోహెర్ట్జ్‌కు పరిమితి 1000 కాబట్టి సరిపోయింది. 400కి పరిమితి 300 మాత్రమే. అక్కడ లైన్ హై స్థాయికి ఆలస్యంగా చేరి, క్లాక్ హైగా ఉండాల్సిన సమయం కుదించుకుపోతుంది.

300 నానోసెకన్లకు గరిష్ఠ విలువ దాదాపు 2.08 కిలోఓమ్‌లు. పిన్ 3 మిల్లీఆంప్‌లు లాగుతూ లైన్‌ను 0.4 వోల్ట్‌కు దించగలగాలి కాబట్టి కనిష్ఠం 967 ఓమ్‌లు. నేనైతే 1.8 కిలోఓమ్ పెడతాను: 259 నానోసెకన్లు, లైన్ లోగా ఉన్నప్పుడు కరెంట్ సుమారు 1.6 మిల్లీఆంప్‌లు. 1 కిలోఓమ్ కూడా హద్దులోనే ఉన్నా, లో స్థాయి వోల్టేజ్‌కు మిగిలే జాగా చాలా తక్కువ.

టంకం పెట్టే ముందు మాడ్యూళ్లపై ఇప్పటికే పుల్-అప్‌లు ఉన్నాయేమో చూడండి. అవన్నీ సమాంతరంగా కలుస్తాయి. మూడింటిపై 10 కిలోఓమ్ చొప్పున ఉంటే అవే 3.33 కిలోఓమ్ అవుతాయి, మీ 1.8 వాటితో కలిసి 1.17కు పడిపోతుంది. పవర్ తీసేసి మల్టీమీటర్‌తో కొలిచినా, చిప్‌ల లోపలి దారులు రీడింగ్‌ను మార్చగలవు. స్కీమాటిక్ చూడటమే నమ్మకం.

కేబుల్ అంచనా తప్పవచ్చు కాబట్టి ఆసిలోస్కోప్‌తో సరిచూడండి. 0.99 నుంచి 2.31 వోల్ట్ల వరకు పట్టిన సమయాన్ని కర్సర్లతో కొలవండి. స్కోప్ తనంతట చూపే రైజ్ టైమ్ సాధారణంగా 10–90 శాతానిది. అది ఇదే అంచుకు 2.6 రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. ప్రోబ్ 10x మీదే ఉండాలి. 1x మీద ప్రోబే దాదాపు 100 పికోఫారడ్లు కలిపేస్తుంది. వచ్చిన సమయాన్ని 0.8473తో, అసలు సమాంతర రెసిస్టెన్స్‌తో భాగిస్తే నిజమైన కెపాసిటెన్స్ తెలుస్తుంది. అది 300 పికోఫారడ్లు తేలితే గరిష్ఠ విలువ 1.18 కిలోఓమ్‌కు దిగుతుంది. అప్పుడు రెసిస్టర్‌ను ఇంకా తగ్గించడం కంటే కేబుల్‌ను కుదించండి, లేదా బస్ బఫర్ వేసి కెపాసిటెన్స్‌ను రెండు భాగాలుగా విడదీయండి.