డబ్బు కట్ అయ్యింది, పీఎన్‌ఆర్ రాలేదు

*సార్, కాజీపేట నుంచి తిరుపతికి ముగ్గురికి స్లీపర్ బుక్ చేస్తుంటే యూపీఐలో డబ్బు కట్ అయ్యింది, టికెట్ రాలేదు. నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు చేస్తే ఏదో యాప్ వేసుకోమన్నారు. వేసుకున్నాను, పిన్ అడిగితే భయమేసి ఫోన్ పెట్టేశాను. ఇప్పుడేం చేయాలి? – హనుమకొండ పాఠకుడు*

ముందు ఆ యాప్ సంగతి చూడండి. అది మీ స్క్రీన్‌ను అవతలివాడికి చూపించే యాప్ అయి ఉంటుంది. వెంటనే నెట్ ఆపి, దాన్ని తీసేయండి. ఆ తర్వాత యూపీఐ పిన్ మార్చండి, బ్యాంకుకు ఫోన్ చేసి జరిగింది చెప్పండి. ఖాతాలో ఒక్క రూపాయి తగ్గినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

డబ్బు ఏ ఖాతా నుంచి పోయిందో రీఫండ్ ఆ ఖాతాకే తిరిగి వస్తుంది. అందుకని ఎవరికీ మీ ఖాతా నంబరుతో పని లేదు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. సోషల్ మీడియాలో పీఎన్‌ఆర్, ఫోన్ నంబరు పెట్టి గోడు వెళ్లబోసుకునే వాళ్లకూ ఇలాంటి ఫోన్లే వస్తాయి.

ఇక మీ డబ్బు. మళ్లీ బుక్ చేసే ముందు ఐఆర్‌సీటీసీలో Booked Ticket History చూడండి. టికెట్ ఆలస్యంగా పడి, మీరు రెండోది తీసుకుంటే, ఒకదాన్ని రద్దు చేసుకుని చార్జీ కట్టుకోవాలి. అక్కడ లేకపోతే Failed Transaction History చూడండి. మీ యూపీఐ యాప్‌లో చెల్లింపు పెండింగ్‌లో ఉంటే సమస్య బ్యాంకుల మధ్య ఉంది. సక్సెస్ అని ఉండి టికెట్ లేకపోతే వెనక్కి పంపాల్సింది ఐఆర్‌సీటీసీ. మొదటి సందర్భానికి రిజర్వ్ బ్యాంక్ 2019లోనే గడువు పెట్టింది: లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లో డబ్బు తిరిగి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసిపెట్టుకోండి, బ్యాంకు అడిగేది అదే.

నాకు కోపం తెప్పించేది ఐఆర్‌సీటీసీ ఎర్రర్ పేజీ. డబ్బు కట్ అయిన మనిషిని మళ్లీ లాగిన్ పేజీ దగ్గర వదిలేస్తుంది. "మీ డబ్బు అదే ఖాతాకు వస్తుంది, ఎవరికీ ఫోన్ చేయకండి" అని రెండు ముక్కలు అక్కడే రాస్తే సగం మంది నంబర్ల కోసం వెతకరు.

వెయిటింగ్ లిస్టు టికెట్లపైనా ఇదే టెన్షన్. చార్ట్ తయారయ్యాక పీఎన్‌ఆర్‌లో అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దవుతుంది, రీఫండ్ కోసం టీడీఆర్ వేయక్కర్లేదు. మనిషికి 60 రూపాయలు కోస్తారు, ఏసీ అయితే దానిపై జీఎస్టీ కూడా. కన్వీనియన్స్ ఫీజు తిరిగి రాదు. స్లీపర్‌లో ముగ్గురికి ఆ ఫీజు కాక 180 తగ్గి వచ్చిందంటే లెక్క సరిపోయినట్టే. ఆర్ఏసీ అయితే మాత్రం అలా రద్దు కాదు. ప్రయాణం వద్దనుకుంటే రైలు బయల్దేరడానికి అరగంట ముందే మీరే రద్దు చేసుకోవాలి, చార్ట్ తయారయ్యాక అయితే ఆలోపే టీడీఆర్ వేయాలి.