యాప్ తీసేసినా ఆటోపే ఆగదు, పిన్ ఎక్కడ కొట్టారో అక్కడ వెతకండి

"ఒక్క రూపాయి ట్రయల్ అంటే ఒక వీడియో యాప్ వేసుకున్నా. నచ్చలేదు, మర్నాడే డిలీట్ చేసేశా. అయినా నిన్న పొద్దున 299 కట్ అయింది. నేను వాడే యూపీఐ యాప్‌లో ఆటోపే లిస్ట్ చూస్తే ఖాళీగా ఉంది. దీన్ని ఎలా ఆపాలి? పోయిన డబ్బు వెనక్కి వస్తుందా?"

లిస్ట్ ఖాళీగా ఉందంటే మ్యాండేట్, అంటే నెలనెలా డబ్బు తీసుకోమని మీరిచ్చిన అనుమతి, లేదని కాదండీ, అది ఇంకో యూపీఐ యాప్‌లో ఉండి ఉంటుంది. మా అమ్మ ఫోన్‌లో అచ్చం ఇదే జరిగింది. నేనూ తప్పు యాప్‌లోనే వెతుకుతూ ఒక నెల పోగొట్టాను.

అమ్మ ఖమ్మంలో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. రెండు నిమిషాల చొప్పున సీరియల్ ముక్కలు చూపించే యాప్ ఒకటి, కథ మంచి పట్టు మీదున్నప్పుడు ఆపేసి మిగతాది కావాలంటే రూపాయి కట్టమంది. రూపాయే కదా అని అమ్మ పిన్ కొట్టింది. మూడు రోజులకి 299 పోయింది. ఆ సంగతి ఆవిడకి వెంటనే తెలియలేదు. మరుసటి నెల కూడా పోయాక పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుని, "ఈ రెండు 299లు ఏంట్రా, నేనెవరికీ పంపలేదు" అని ఫోన్ చేసింది.

ఆవిడ పంపలేదు, నిజమే. కానీ ఆ రోజు కొట్టిన ఒక్క పిన్‌తో రెండు పనులు జరిగాయి, రూపాయి కట్టడం ఒకటి, ఇకపై నెలనెలా తీసుకోమని ఒప్పుకోవడం ఇంకొకటి. తర్వాత ఆ మ్యాండేట్ వివరాలు తెరిచి చూస్తే ₹999 వరకు, నెలకోసారి, 2054 దాకా అని ఉంది. పిన్ కొట్టే స్క్రీన్ మీద రూపాయి మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఇవన్నీ కింద చిన్నగా ఉంటాయి. 999 అంటే ప్రతిసారీ 999 తీస్తారని కాదు, అది పైహద్దు, ఆ లోపల ప్లాన్ ధర ఎంతైతే అంత పిన్ అడక్కుండానే పోతుంది. ఇలాంటి సబ్‌స్క్రిప్షన్లకి ఒక్కోసారి 15,000 దాకా పిన్ లేకుండా కట్ చేసుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. కొన్ని మ్యాండేట్లలో సరిగ్గా ఆ 15,000 అంకే పైహద్దుగా కనిపించి గుండె గుభేలుమంటుంది, అది చూసి అంత పోతుందని టెన్షన్ పడక్కర్లేదు.

వీడియో యాప్ తీసేస్తే ఎందుకు ఆగదంటే, ఆ ఒప్పందం అసలు ఆ యాప్‌లో లేదు. మీ బ్యాంకుకీ వాళ్ల బ్యాంకుకీ మధ్య యూపీఐలో రాసుకున్నది అది, తేదీ వచ్చేసరికి వాళ్లు అడుగుతారు, మీ బ్యాంకు ఇస్తుంది, మీ ఫోన్‌లో ఆ యాప్ ఉందా లేదా అని ఎవరూ చూడరు.

కట్ అయ్యేముందు కనీసం 24 గంటల ముందు చెప్పాలి కదా అంటారేమో. చెప్పారు. అమ్మ ఫోన్‌లో రెండు యూపీఐ యాప్‌లున్నాయి. ఒకటి రోజూ కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసేది, రెండోది ఎప్పుడో క్యాష్‌బ్యాక్ వస్తుందని మా చెల్లి వేసిపెట్టి మర్చిపోయింది. ఆ వీడియో యాప్‌లో రూపాయి కట్టేటప్పుడు ముందుగా కనిపించినది రెండోది, అమ్మ దాన్నే నొక్కింది. ముందస్తు నోటిఫికేషన్ కూడా ఆ రెండో యాప్‌లోకే వచ్చింది, ప్రకటనలతో విసిగిస్తోందని దాని నోటిఫికేషన్లు ఆపేసిన ఘనత నాది. నేనేమో రోజూ వాడే యాప్ తెరిచి, ఆటోపేలో ఏమీ లేదు కాబట్టి బ్యాంకు వాళ్లే ఏదో తేడా చేశారని బ్రాంచ్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేశాను. ఈలోగా మూడో 299 పోయింది, పొద్దున ఆరు గంటలకి. పొద్దున్నే ఎందుకంటే 2025 ఆగస్టు నుంచి ఆటోపే కోతలు రద్దీ లేని సమయాల్లోనే జరగాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పెట్టింది, అంటే ఉదయం పదిలోపు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు వరకు, రాత్రి తొమ్మిదిన్నర దాటాక. మీది కూడా పొద్దునే అన్నారు కాబట్టి ఇదీ ఆటోపేనే అయి ఉంటుంది.

చివరికి పట్టించింది పాత ఎస్సెమ్మెస్. మీరు కూడా మెసేజుల్లో mandate అనో UMN అనో టైప్ చేసి వెతకండి. మ్యాండేట్ పెట్టిన రోజు బ్యాంకు నుంచి ఒక మెసేజ్ వచ్చి ఉంటుంది, చాలా బ్యాంకులు అందులో UMN అని ఒక పొడుగాటి అక్షరాల, అంకెల వరస ఇస్తాయి, అది ఆ మ్యాండేట్ నంబరు. ఆ వరస అంతా మనకి అక్కర్లేదు, చివర @ తర్వాత ఏముందో చూడండి. @ybl, @ibl, @axl ఉంటే ఫోన్‌పే. @oksbi, @okaxis, @okicici, @okhdfcbank అయితే గూగుల్ పే. @pt తో మొదలై @ptsbi, @ptaxis లాంటివైతే పేటీఎం. @upi అయితే భీమ్. అమ్మ మెసేజ్‌లో ఇది చూశాక పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. మెసేజ్ డిలీట్ అయిపోయి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ రూపాయి కట్టిన లైను వెతకండి, మీ యూపీఐ ఐడీ దొరికితే అదే కథ చెబుతుంది. ఇంకోమాట, మ్యాండేట్ ఏ యాప్‌లో పెట్టినా సరే, అన్నీ ఏ యూపీఐ యాప్‌లోంచైనా చూసుకునే వీలుండాలని 2025 అక్టోబర్‌లో ఎన్‌పీసీఐ యాప్‌లకి చెప్పింది, కాబట్టి ముందు మీ యాప్ అప్‌డేట్ చేసి, వేరే యాప్‌ల ఆటోపేలు చూపించే ఆప్షన్ ఏదైనా ఉందేమో ఒకసారి చూడండి. కనబడకపోతే @ దారి ఉండనే ఉంది. ఆ రెండో యూపీఐ యాప్‌ని మీరు ఎప్పుడో తీసేసి ఉంటే, మళ్లీ వేసి అదే నంబరుతో, అదే బ్యాంకు ఖాతాతో రిజిస్టర్ అవ్వాలి.

సరైన యాప్‌లోకి వెళ్లాక ప్రొఫైల్ ఫోటో నొక్కితే దాదాపు అన్నిట్లోనూ ఆటోపే అని ఉంటుంది, లేదంటే పేమెంట్ సెట్టింగ్స్ లోపల ఉంటుంది. ఆ కంపెనీ పేరు నొక్కితే కింద పాజ్, క్యాన్సిల్ కనబడతాయి (కొన్నిట్లో రివోక్ అని ఉంటుంది). పాజ్ వద్దు, అది కొన్నాళ్లకి మళ్లీ లేస్తుంది. క్యాన్సిల్ నొక్కితే పిన్ అడుగుతుంది, ఇక్కడే చాలామంది వెనక్కి వచ్చేస్తారు. అమ్మ కూడా "డబ్బు ఆపమంటే పిన్ అడుగుతుందేంటి, మళ్లీ పోతాయి" అని ఫోన్ పక్కన పెట్టేసింది. మ్యాండేట్ పెట్టడానికి పిన్ కావాలి, తీసేయడానికీ పిన్ కావాలి, ఖాతాదారే చేస్తున్నారని తెలియడానికి. కాకపోతే ఆ స్క్రీన్ మీరు సొంతంగా వెళ్లి తెరిచినదై ఉండాలి. "రిఫండ్ ఇస్తాం, ఈ రిక్వెస్ట్ ఓకే చేసి పిన్ కొట్టండి" అని ఎవరైనా పంపితే అది మోసం, డబ్బు రావడానికి పిన్ అవసరం ఉండదు. క్యాన్సిల్ అయ్యాక బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది, లిస్ట్‌లో కూడా యాక్టివ్ పోయి క్యాన్సిల్డ్ అని మారుతుంది. అది మారేదాకా పని అయినట్టు కాదు.

ఒకవేళ కంపెనీ పేరు బదులు గూగుల్ ప్లే అని కనిపిస్తే మాత్రం ఆగండి. అప్పుడు మీరు ఒప్పుకున్నది గూగుల్‌తో, ఆ ఒక్క మ్యాండేట్ మీద మీ మిగతా సబ్‌స్క్రిప్షన్లు కూడా నడుస్తుండొచ్చు. ముందు ప్లే స్టోర్‌లో ప్రొఫైల్, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ లోకి వెళ్లి ఆ ఒక్కదాన్నే క్యాన్సిల్ చేయండి.

ఖాతా ఖాళీగా పెడితే సరిపోతుంది కదా అని మా బావ ఒక సలహా పారేశాడు, ఆయన స్వయంగా చేసి భంగపడ్డాడు కూడా. ఒకసారి ఫెయిల్ అయితే వదలరు, మొదటి ప్రయత్నం కాక ఇంకో మూడుసార్లు ప్రయత్నించవచ్చు. ఆయనకి జీతం పడ్డ రాత్రే లాగేసుకున్నారు. పైగా పైహద్దు లోపల ఎంతైనా అడగొచ్చు కాబట్టి 199 దొరక్కపోతే 99 అడిగారట.

ఇక డబ్బు సంగతి. బ్యాంకు నుంచి ఆశ పెట్టుకోకండి. "మ్యాండేట్ మీ పిన్‌తోనే పెట్టారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నియమం ప్రకారం వాళ్లు తప్పు చెప్పినట్టు కాదు. మీరు క్యాన్సిల్ చేశాక కూడా కట్ అయితే, లేదా పైహద్దు దాటి పోతే, అప్పుడు మాత్రం యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి, 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో పెట్టొచ్చు. మీలాంటి, మాలాంటి కేసులో అడగాల్సింది ఆ కంపెనీని. ప్రతి కోతకీ స్టేట్‌మెంట్‌లో 12 అంకెల యూటీఆర్ నంబర్ ఉంటుంది, అది, తేదీ, మొత్తం, ట్రయల్ తర్వాత యాప్ అసలు తెరవలేదన్న మాట, ఇవి రాసి మెయిల్ పెట్టాను. వారం ఉలుకూ పలుకూ లేదు. తర్వాత 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేసి, మనల్ని ఏమార్చే యాప్ డిజైన్ల మీద 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు కూడా ఒకటని అందులో రాశాను. పది రోజులకి చివరి 299 ఒక్కటే వెనక్కి వేశారు. మిగతా రెండూ గోవిందా. మీది ఒక్కటే, అదీ నిన్ననే పోయింది కాబట్టి ఈ రోజే మెయిల్ పెడితే మా కంటే మీకు అవకాశం ఎక్కువ. వాళ్ల కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతికి ఫోన్ చేయకండి, దొంగ నంబర్లు పైన ఉండొచ్చు, ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ కింద ఉన్న మెయిల్ ఐడీ వాడండి.

అమ్మ ఫోన్‌లో ఆ రెండో యాప్ తెరిచినప్పుడు సీరియళ్లది కాక జాతకాల యాప్‌ది ఇంకోటి బతికే ఉంది, వారానికి 49. అది ఎప్పుడు పెట్టిందో ఆవిడకే గుర్తులేదు.

మెసేజ్ దొరికాక @ తర్వాత పైన చెప్పినవి కాకుండా వేరేది ఉంటే ఆ ముక్క ఒక్కటే ఇక్కడ రాయండి, ఏ యాప్‌దో చూసి చెబుతాను. మెసేజ్ మొత్తం మాత్రం పెట్టకండి, అందులో ఖాతా చివరి అంకెలు ఉంటాయి.