కరెంటు బిల్లు ఎక్కలేదు, లైన్‌మన్ మాత్రం వచ్చేశాడు

"ఆన్‌లైన్‌లో కరెంటు బిల్లు కట్టాను, డబ్బులు కట్ అయ్యాయి. బిల్లు మాత్రం అప్‌డేట్ కాలేదు, డిస్కనెక్షన్ నోటీసు వచ్చింది. ఏం చేయాలండీ?"

నోటీసు మెసేజ్‌లో వచ్చిందా, కాగితం మీద వచ్చిందా? ఎవరిదో మామూలు మొబైల్ నంబరు నుంచి "బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రికి కరెంటు కట్, ఈ ఆఫీసరుకు ఫోన్ చేయండి" అని వస్తే అది మోసం. ఫోన్ చేస్తే యాప్ ఏదో వేసుకోమని ఖాతా ఊడ్చేస్తారు.

మాకు బెంగళూరులో, మారతహళ్లి ఇంట్లో, కాగితమే వచ్చింది. మీటరు బోర్డు సందులో మడిచి దోపి ఉంది. లైన్‌మన్ వచ్చినప్పుడు ఫోన్‌లో పచ్చ టిక్కు చూపించాను. ఆయనది చిత్తూరు యాస. "అది మీ బ్యాంకు టిక్కు సార్, మా లెడ్జర్‌లో పడితేనే మాకు లెక్క" అన్నాడు. కోపమొచ్చింది గానీ, ఆయన మాట నిజమే. డబ్బు బ్యాంకు నుంచి యాప్‌కి, అక్కడి నుంచి బిల్ పేమెంట్ వ్యవస్థకి, ఆ తర్వాతే ఆఫీసు లెడ్జర్‌కి పోతుంది. మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు.

ఎక్కడ ఆగిందో చూడాలంటే అదే అకౌంట్ ఐడీతో బిల్లు మళ్ళీ తెరవండి. బాకీ లేదని వస్తే డబ్బు చేరినట్టే, నోటీసు అంతకుముందు ప్రింటయింది. ఆ స్క్రీన్ చూపిస్తే సరిపోతుంది. మాకు మాత్రం పాత మొత్తమే వచ్చింది.

సబ్ డివిజన్ ఆఫీసుకు వెళ్తే గుమాస్తా స్క్రీన్‌షాట్ వైపు కన్నెత్తి చూడలేదు. ఓనరు పేరు మీదున్న బిల్లు మీకెందుకని మాత్రం అడిగాడు. అద్దెవాళ్ళ డబ్బు డబ్బు కాదా? చివరికి ఆయన చూసింది అకౌంట్ ఐడీ, తేదీ, మొత్తం, పన్నెండంకెల యూటీఆర్ నంబరు, ఆ లావాదేవీ ఉన్న బ్యాంక్ స్టేట్‌మెంట్ పేజీ. వీటితో అర్జీ రాసిచ్చి, నా కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. లైన్‌మన్ ఆ ముద్ర చూసి వెనక్కి వెళ్ళాడు. నోటి మాట నమ్ముకుని రావద్దు. యాప్‌లో కూడా ఆ లావాదేవీ మీదే కంప్లైంట్ పెట్టండి.

అసలు విద్యుత్ చట్టం 2003లోని 56వ సెక్షన్ ప్రకారం బాకీకి కరెంటు తీయాలంటే పూర్తి 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అర్జీలో ఆ సెక్షన్ నంబరు రాస్తే మాట తీరే మారిపోతుంది.

గడువు మరీ దగ్గరపడితే రోషానికి పోకుండా మళ్ళీ కట్టేయండి. మొదటిది తర్వాత చేరితే ఎక్కువైన మొత్తం వచ్చే బిల్లులో తగ్గుతుంది. చేరకపోతే, యూపీఐలో కట్టిన డబ్బును 5 రోజుల్లోపు వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ వంద కూడా అడిగి తీసుకోండి, వదలకండి.