హాస్టల్ వైఫైలో పాటలు రావట్లేదని వీపీఎన్ వేసే ముందు

చిన్నా,

హాస్టల్ వైఫైలో స్పాటిఫై ప్లే అవ్వట్లేదు, రూమ్మేట్ ఏదో ఫ్రీ వీపీఎన్ వేసుకోమంటున్నాడు, వేస్తే అకౌంట్ పోతుందా బాబాయ్ అని అడిగావు కదా. నేను ఇన్నేళ్ళుగా చేసేది కాలేజీల నెట్‌వర్క్ పనే కాబట్టి అవతల రూమ్‌లో కూర్చున్నవాళ్ళకి ఏం కనపడుతుందో కూడా చెప్తా, అప్పటిదాకా ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకు.

ముందు నీది నిజంగా బ్లాకా, లేక లాగిన్ పేజీ గొడవా అన్నది తేల్చుకో, ఎందుకంటే సగం మంది దగ్గర బ్లాకే ఉండదు. వైఫైకి కనెక్ట్ అవ్వగానే ఫోన్ తనంతట తానే ఒక చిన్న అడ్రస్‌ని అడిగి చూస్తుంది, నెట్ ఉంటే దాని నుంచి ఖాళీ జవాబు వస్తుంది, నువ్వు లాగిన్ అవ్వకపోతే మధ్యలో కాలేజీ నెట్‌కి కాపలా ఉండే ఫైర్‌వాల్ ఆ జవాబు ఆపేసి దాని బదులు యూజర్ ఐడీ పాస్‌వర్డ్ అడిగే పేజీ పంపిస్తుంది, అంతే దాని కథ. ఆ లాగిన్‌కి టైమ్ ఉంటుంది, కొన్ని గంటలకి అదే తెగిపోతుంది. అప్పుడు పాట వెంటనే ఆగదు, ముందే లోడ్ అయిన ముక్క అయ్యేదాకా మోగి తర్వాత ఆగుతుంది, అందుకే పాటలే బ్లాక్ చేశారని అనిపిస్తుంది. అదే టైమ్‌లో వాట్సాప్ మెసేజ్ కూడా పోకపోతే అది లాగిన్ తెగినట్టు. వాట్సాప్ పోతోంది, గూగుల్ వస్తోంది, పాట ఒక్కటే రావట్లేదు, మొబైల్ డేటాకి మారగానే మోగింది అంటే అది బ్లాక్.

లాగిన్ పేజీ అసలు రాకపోతే బ్రౌజర్‌లో `http://neverssl.com` కొట్టు, https ఉన్న సైట్ కొడితే ఫైర్‌వాల్ నిన్ను లాగిన్ పేజీకి మళ్ళించలేదు, సర్టిఫికెట్ వార్నింగ్ వస్తుంది అంతే. అప్పటికీ రాకపోతే ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో `Private DNS` దగ్గర ఎవరో చెప్పిన యాడ్ బ్లాకర్ అడ్రస్ ఏమైనా పెట్టావేమో చూసి ఆటోమేటిక్ చెయ్యి. ఇంకో ముఖ్యమైన సంగతి, వీపీఎన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టి `Block connections without VPN` కూడా నొక్కి ఉంటే బ్రౌజర్‌లో లాగిన్ పేజీ రాకపోవచ్చు, లాగిన్ అయ్యేదాకా వీపీఎన్ కనెక్ట్ అవ్వదు, వీపీఎన్ కనెక్ట్ అయ్యేదాకా యాప్‌లు దేన్నీ బయటికి పంపలేవు. అంటే లాగిన్ గొడవకి వీపీఎన్ మందు కాదు, చాలాసార్లు గొడవ దాంతోనే మొదలవుతుంది.

సరే, నీది నిజంగా బ్లాకే అనుకుందాం. ఫైర్‌వాల్‌కి నువ్వు వినే పాట కనపడదు, కానీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు ఏ సైట్‌కి వెళ్తున్నావో ఆ పేరు చాలావరకు బయటికే కనపడుతుంది, దాన్నిబట్టి ఆపుతుంది. అడ్మిన్ కూర్చుని స్పాటిఫై అని పేరు వెతికి ఆపడు, స్ట్రీమింగ్ మీడియా అని ఒక కేటగిరీ ఉంటుంది, దానికి టిక్ పెడితే సినిమాలతో పాటు పాటలూ పోతాయి. ఇది గుర్తుపెట్టుకో, చివర్లో పనికొస్తుంది.

వీపీఎన్ వేస్తే నీ ట్రాఫిక్ అంతా తాళం వేసుకుని వేరే ఎక్కడో ఉన్న సర్వర్ గుండా పోతుంది కాబట్టి ఆ పేరు దాగుతుంది, పాట మోగుతుంది, నిజమే. కానీ వీపీఎన్ వాడుతున్నావన్న సంగతి మాత్రం దాగదు. మా వైపు లాగ్‌లో నీ రోల్ నంబరు, టైము, పక్కన వీపీఎన్ అని కనపడుతుంది, ఎందుకంటే నువ్వు నీ ఐడీతోనే లాగిన్ అయ్యావు. చాలా కాలేజీల రూల్స్‌లో ప్రాక్సీ, వీపీఎన్ వాడకూడదని రాసి ఉంటుంది, చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో ఉందేమో చూడు. ఉంటే నీ నెట్ ఐడీ ఆపేసే హక్కు వాళ్ళకి ఉన్నట్టే, పాటల కోసం అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేసే ఐడీని పోగొట్టుకోవడం ఎందుకురా.

ఇక స్పాటిఫై అకౌంట్ సంగతి. ఉత్త వీపీఎన్ వాడినంత మాత్రాన అకౌంట్ పోయినవాళ్ళని నేను చూడలేదు. వాళ్ళ రూల్స్‌లో ఉన్నది దేశాల హద్దుల్ని తప్పించుకోకూడదని, నీ చిక్కు అక్కడే వస్తుంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్ళు వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు 5 ఏళ్ళు దాచాలని ఆదేశం ఇచ్చారు, దాంతో పేరున్న కంపెనీలు చాలా ఇండియాలో ఉన్న సర్వర్లు తీసేశాయి. డబ్బులు కట్టే వీపీఎన్‌లో ఇండియా అని చూపించేది చాలావరకు బయట ఎక్కడో పెట్టిన మెషీనే, ఐపీ అడ్రస్ మాత్రం ఇండియాది, అది పర్లేదు. ఫ్రీ వాటిలో చాలావరకు దేశం నీ చేతిలో ఉండదు, ఏ నెదర్లాండ్స్‌లోనో తేలుతావు.

మా పక్కింటి అమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. ఫ్రీ అకౌంట్, ఫ్రీ వీపీఎన్, కొన్నాళ్ళు హాయిగా విన్నది. ఫ్రీ అకౌంట్‌ని వేరే దేశంలో 14 రోజులే వాడనిస్తారు, ఆ తర్వాత లాగిన్ కానివ్వకుండా దేశం మార్చుకోమంది, తను ఆలోచించకుండా మార్చేసింది. తర్వాత ప్రీమియం తీసుకుందామంటే ధర యూరోల్లో చూపిస్తోంది, యూపీఐ లేదు, అక్కడి కార్డ్ కావాలంటోంది. అకౌంట్ పోయిందని ఒకటే ఏడుపు. పోలేదు, వీపీఎన్ తీసేయించి మొబైల్ డేటా మీద బ్రౌజర్‌లో అకౌంట్ పేజీకి వెళ్ళి ప్రొఫైల్‌లో దేశం మళ్ళీ ఇండియా పెట్టించా, ప్లేలిస్టులన్నీ అలాగే ఉన్నాయి. యూట్యూబ్ ప్రీమియం అయితే ఇంకా జాగ్రత్త, తక్కువ ధరకి వస్తుందని వీపీఎన్‌తో వేరే దేశంలో కొన్నవాళ్ళ సబ్‌స్క్రిప్షన్లు 2024లో రద్దు చేశారు.

నిజానికి నన్ను భయపెట్టేది ఆ ఫ్రీ వీపీఎన్ యాపే. నీ ఫోన్‌లో ప్రతి యాప్ ట్రాఫిక్ దాని గుండానే పోతుంది, అది ఎవరు నడుపుతున్నారో, ఖర్చు ఎలా రాబట్టుకుంటున్నారో తెలీదు. సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చెయ్యమని అడిగిందంటే వెంటనే తీసెయ్యి, అది పెడితే తాళం వేసిన కనెక్షన్లు కూడా విప్పి చూడొచ్చు.

మరి ఏం చెయ్యాలంటే, పాటకి డేటా నువ్వు అనుకున్నంత పట్టదు. మామూలు క్వాలిటీ 96 కేబీపీఎస్‌లో గంటకి 43 ఎంబీ, 160లో 72 ఎంబీ. రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాడికి రెండు గంటల పాటలు అందులో పదో వంతు కూడా కాదు, సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా క్వాలిటీ తగ్గించి వైఫై ఆపి వినెయ్. డౌన్‌లోడ్ ఉన్న ప్లాన్ అయితే ఇంటికి వచ్చినప్పుడు మన వైఫైలో దింపుకో, 30 రోజులకి ఒకసారి యాప్ ఆన్‌లైన్‌కి వస్తే చాలు, లేకపోతే దింపినవి పోతాయి.

ఇంకోటి, అడ్మిన్‌ని అడుగు. ఊరికే పాటలు కావాలి సార్ అనకుండా, వంద మంది ఒకేసారి 160 కేబీపీఎస్‌లో విన్నా 16 ఎంబీపీఎస్సే సార్, వీడియో అలాగే ఆపి మ్యూజిక్ యాప్‌లు మాత్రం సాయంత్రం ఆరు తర్వాత వదలండి అని రాసి వార్డెన్ సంతకంతో ఇవ్వు. చాలా ఫైర్‌వాల్స్‌లో ఒక్క యాప్‌కి, ఒక్క టైమ్‌కి విడిగా రూల్ పెట్టొచ్చు, పెద్ద పనేం కాదు. లెక్కతో వచ్చిన కాగితాలకి నేను ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి.

రేపు ఉద్యోగంలో చేరాక కంపెనీ ల్యాప్‌టాప్‌లో మాత్రం సొంత వీపీఎన్ ఊసెత్తకు, పాటలకి నీ ఫోన్, నీ డేటా. హోటల్లో అయితే రూమ్ నంబరుతో లాగిన్ అయ్యాకే వీపీఎన్ ఆన్ చేసుకో, అక్కడ పెద్దగా ఎవరూ అడ్డు చెప్పరు.

ఆదివారం ఫోన్ చేసి ఫైర్‌వాల్ ఏం మెసేజ్ చూపిస్తోందో స్క్రీన్‌షాట్ పంపు, చూసి చెప్తా.

మీ బాబాయ్