గిలకొట్టినా నిలబడని క్రీమ్ గురించి లలితకు

చి.సౌ. లలితకు పెద్దమ్మ ఆశీస్సులు.

అరగంటసేపు బీటర్ తిప్పినా క్రీమ్ పల్చగా జారుతూనే ఉందనీ, ప్యాకెట్టు పాడైపోయిందేమోననీ రాశావు. పాడైపోలేదమ్మా. నువ్వు పంపిన ఫొటోలో ప్యాకెట్టు పక్కన చిన్న అక్షరాల్లో 25 శాతం ఫ్యాట్ అని ఉంది చూడు, అసలు సంగతి అదే. ఫ్రెష్ క్రీమ్ పేరుతో డబ్బాల్లో వచ్చేది కూరల్లోకి, ఫ్రూట్ సలాడ్‌లోకి సరిపోయే క్రీమ్. దాన్ని గంటసేపు తిప్పినా నురగే వస్తుంది, కొన నిలబడదు. కేకు మీదికి కావాలంటే ఆ ఫ్యాట్, అంటే క్రీములోని వెన్న కొవ్వు, కనీసం 30 శాతం ఉండాలి. 35 ఉంటే నిశ్చింతగా పని అవుతుంది.

ఎందుకో తెలిస్తే మిగతాదంతా నీకే తడుతుంది. క్రీములో వెన్న కంటికి కనిపించని బొట్లుగా ఉంటుంది. ఒక్కో బొట్టు చుట్టూ సన్నని పొర ఉంటుంది. గిలకొట్టినప్పుడు గాలి బుడగలు లోపలికి వెళతాయి, బొట్లు ఒకదానికొకటి తగిలి వాటి పొర అక్కడక్కడా చిరుగుతుంది. చిరిగినచోట బొట్టూ బొట్టూ అతుక్కుని గాలి బుడగ చుట్టూ గోడ కడతాయి. నిలబడిన క్రీమ్ అంటే ఈ గోడలే. వెన్న తక్కువైతే గోడ కట్టడానికి ఇటుకలు చాలవు. అందుకే బుడగలు వచ్చినట్టే వచ్చి పగిలిపోతాయి.

చల్లదనం పని కూడా ఇక్కడే. బొట్టులో వెన్న సగం గడ్డకట్టి, సగం మెత్తగా ఉన్నప్పుడే అతుక్కున్నా ఆకారం పోదు. వేడెక్కితే అది నూనె అయిపోతుంది. అప్పుడు బొట్లు గోడ కట్టే బదులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. క్రీమ్ 4, 5 డిగ్రీల దగ్గర ఉండగా మొదలుపెట్టు, పూర్తయ్యేసరికి 10 దాటనివ్వకు. కత్తిరి వెయిల్ అంటారే మీ చెన్నైలో, ఆ మండుటెండల రోజుల్లో వంటింట్లో గిన్నె బయటపెట్టిన కాసేపటికే ఆ గీత దాటిపోతుంది.

చాలామంది పొరబడేది ఒకచోట ఉంది. ప్యాకెట్టును గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, పట్టుకుంటే చల్లగా ఉంది కదా అని మొదలుపెడతారు. క్రీమ్ త్వరగానే చల్లబడుతుంది గానీ, బొట్లలోని వెన్న గడ్డకట్టడానికి గంటలు పడుతుంది. కాబట్టి ముందురోజు రాత్రే పెట్టు. తలుపు అరలో వద్దు, అది తెరిచిన ప్రతిసారీ వేడెక్కుతుంది. వెనక గోడ వైపు, కింది అరలో పెట్టు. తొందరగా అవుతుందని డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించకు. మంచు సూదులు బొట్ల పొరల్ని చింపేస్తాయి, కరిగాక క్రీమ్ పలుకులు పలుకులుగా విరుగుతుంది. ఫ్రీజర్‌లోకి వెళ్ళాల్సింది గిన్నె, బీటర్ పుల్లలు. 20 నిమిషాలు చాలు. స్టీలు గిన్నె తీసుకో, త్వరగా చల్లబడుతుంది.

ఇప్పుడు నీ దగ్గర మిగిలిన 25 శాతం ప్యాకెట్ల సంగతి. వాటిని పారేయనక్కర్లేదు, వెన్న కలిపి శాతం పెంచుకోవచ్చు. 200 గ్రాముల క్రీములో కొవ్వు 50 గ్రాములు. దానికి ఉప్పు లేని వెన్న 45 గ్రాములు కలుపు. మనం కొనే వెన్నలో 80 శాతమే కొవ్వు, మిగిలింది ఎక్కువగా నీరే. అంటే ఇంకో 36 గ్రాముల కొవ్వు చేరి, మొత్తం 245 గ్రాముల్లో 86 అవుతుంది. అది 35 శాతం. నెయ్యి వేస్తే వాసన పట్టేస్తుంది, వద్దు.

క్రీమ్, వెన్న కలిపి సన్నటి సెగ మీద, వెన్న పూర్తిగా కరిగేదాకా ఉంచు. ఆవిరి రావాలి, మరగకూడదు. మిక్సీ జారులో సగానికి మించకుండా పోసి, మూత మీద గుడ్డ పట్టుకుని ఒకటిన్నర నిమిషం తిప్పు. వేడి ద్రవం మూతను తన్నుతుంది, జాగ్రత్త. తర్వాత గిన్నెను చల్లటి నీళ్ళలో పెట్టి ఆరనిచ్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. పొద్దున్న పైన గట్టి వెన్న బిళ్ళ తేలితే మిక్సీ సరిగా తిరగలేదన్నమాట. మళ్ళీ వెచ్చచేసి ఇంకాసేపు తిప్పి, మళ్ళీ రాత్రంతా చల్లార్చాలి. చిక్కగా, ఒకే తీరుగా ఉంటే సరిగ్గా కుదిరినట్టు.

ఇంట్లో కాచిన పాల మీది మీగడ మాత్రం దీనికి పనికిరాదు. అందులో వెన్న బాగానే ఉంటుంది కానీ అప్పటికే కట్టలు కట్టి ఉంటుంది, తిప్పగానే నేరుగా వెన్న తేలుతుంది.

గిలకొట్టేటప్పుడు పెద్ద గిన్నెలో ఐసు, నీళ్ళు పోసి అందులో క్రీమ్ గిన్నెను కూర్చోబెట్టు. మధ్యస్థ వేగం చాలు. మొదట పెద్ద బుడగలు, తర్వాత చిన్నవి, ఆ తర్వాత బీటర్ గీతలు కొంచెంసేపు నిలుస్తాయి. అప్పుడు 2 పెద్ద చెంచాల పొడి పంచదార వెయ్యి. మొదటే వేస్తే ఆలస్యమవుతుంది. పుల్ల ఎత్తితే కొన లేచి చివర కొంచెం వంగిందంటే ఇక బీటర్ ఆపి, చేత్తో నాలుగు తిప్పులు తిప్పు. ఆ చివరి అరనిమిషమే ప్రమాదం. మామిడి గుజ్జు వేద్దామనుకుంటున్నావు కదా, గిలకొట్టక ముందు వేయకు. 200 గ్రాముల 35 శాతం క్రీములో 50 గ్రాముల గుజ్జు పోస్తే అది 28 శాతానికి దిగిపోతుంది. క్రీమ్ నిలబడ్డాక, చల్లని గుజ్జును గరిటెతో మెల్లగా కలుపుకో.

చెడినప్పుడు దాని తీరు చూస్తే కారణం తెలిసిపోతుంది. గిన్నె చల్లగా ఉండి, 8 నిమిషాలైనా నురగగానే ఉంటే శాతం తక్కువ. చిక్కబడ్డట్టే పడి మళ్ళీ పల్చబడి మెరుస్తుంటే వేడెక్కింది. ఆపి, గిన్నెతో సహా రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ ప్రయత్నించు. రవ్వలా పలుకు కనిపిస్తే ఎక్కువ తిప్పావు. రెండు మూడు చెంచాల చల్లని పచ్చి క్రీమ్ పోసి, బీటర్ లేకుండా చేత్తో కలిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. పసుపు ముద్దలు, నీళ్ళు వేరుపడితే ఇక వెనక్కి రాదు. అలాగే చిలికి వెన్న చేసేయ్, రొట్టెల్లోకి వాడుకోవచ్చు.

ఇంకొక్క మాట. కేకు అంగళ్ళలో గడ్డకట్టించి అమ్మే విప్పింగ్ క్రీమ్ చాలావరకు పాలది కాదు, వెజిటబుల్ ఫ్యాటుతో చేసింది. వెనక పదార్థాల పట్టీ చదివితే తెలుస్తుంది. తీపి ముందే కలిపి ఉంటుంది, ఎండకు కాస్త ఎక్కువసేపు తట్టుకుంటుంది. దాన్ని ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, ఇంకా మంచు పలుకులు కొన్ని ఉండగానే గిలకొట్టాలి. పాల క్రీమ్ రుచి దానికి రాదు. వేళచ్చేరి నుంచి అత్తయ్య ఇంటికి మధ్యాహ్నం ఆటోలో కేకు తీసుకెళ్ళాలంటే మాత్రం అదే వాడు. పాల క్రీముతో చేసిన కేకును ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కోసి వడ్డించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ