విదేశీ వాటా 40 శాతమా, 62 శాతమా: లెక్కలో తేడా ఎక్కడ వస్తుంది?

ప్రశ్న: నా దగ్గర ఒక ప్రైవేటు బ్యాంకు షేర్లున్నాయి. షేర్ల సమాచారం ఇచ్చే సైట్లో దాని విదేశీ వాటా 40 శాతం అని ఉంది. బ్యాంకు ఎక్స్ఛేంజీకి పంపిన పట్టికలో 62 శాతం అని కనిపించింది. ఏది నమ్మాలి? 74 శాతం పరిమితి అంటారు కదా, అది నిండితే నా షేర్లకేమవుతుంది?

జవాబు:

62నే నమ్మండి. అలాగని 40 తప్పు అంకె కాదు, అది సగం లెక్క. నేను చాలా ఏళ్లు ఒక లిస్టెడ్ కంపెనీ సెక్రటరీ విభాగంలో పనిచేశాను. ప్రతి త్రైమాసికం చివర ఈ పట్టిక తయారుచేయడం మా పనుల్లో ఒకటి. సైట్లు చూపే అంకెకూ మేం పంపే అంకెకూ ఎందుకు పొంతన కుదరడం లేదని మదుపరులు మాకు తరచూ ఉత్తరాలు రాసేవారు.

సెబీ నిబంధనల ప్రకారం ప్రతి లిస్టెడ్ కంపెనీ త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోగా తన వాటాదారుల వివరాలను ఎక్స్ఛేంజీలకు ఇవ్వాలి. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో కంపెనీ పేరు కొట్టి Shareholding Pattern తెరిస్తే అదే కనిపిస్తుంది. చిక్కేమిటంటే అందులో ‘విదేశీయులు’ అని ఒకే వరుస ఉండదు. విదేశీ వాటా నాలుగైదు చోట్ల చెదిరి ఉంటుంది. సమాచార సైట్లు ఎక్కువగా విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరుల, అంటే ఎఫ్‌పీఐల, వరుసలను మాత్రమే తీసుకుని దానికే విదేశీ వాటా అని పేరు పెడతాయి.

మీ బ్యాంకు లెక్క ఎలా ఉండవచ్చో ఊహించి ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. మొత్తం షేర్లు 100 కోట్లు అనుకుందాం. ప్రజా వాటాదారుల పట్టికలో విదేశీ సంస్థల విభాగం ఉంటుంది. అక్కడ మొదటి వర్గం ఎఫ్‌పీఐల దగ్గర 38 కోట్లు, రెండో వర్గం దగ్గర 2 కోట్లు ఉన్నాయనుకోండి. మీరు సైట్లో చూసిన 40 అదే. అదే విభాగంలో కొంచెం కిందికి వస్తే Overseas Depositories అనే వరుస ఉంటుంది. అమెరికా మార్కెట్లో ఏడీఆర్‌లనే డిపాజిటరీ పత్రాల రూపంలో చేతులు మారేందుకు ఆధారంగా ఇక్కడ పెట్టి ఉంచిన షేర్లు ఇవి. వీటిని 9 కోట్లు అనుకుందాం. 2022లో పట్టిక నమూనా మారకముందు ఈ ఏడీఆర్ షేర్లను ప్రమోటర్లూ కాని, ప్రజలూ కాని వాటాదారులంటూ వేరే పట్టికలో చూపేవారు. పాత త్రైమాసికాలతో పోల్చేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి. లేకపోతే విదేశీ వాటా ఒక్కసారిగా పెరిగిందని పొరబడతారు.

ఇప్పుడు ప్రమోటర్ల పట్టికకు వెళ్లండి. అందులో భారతీయ ప్రమోటర్లు, విదేశీ ప్రమోటర్లు అని రెండు భాగాలుంటాయి. రెండో భాగాన్ని చాలామంది తెరిచి కూడా చూడరు. అక్కడ ఒక విదేశీ కంపెనీ పేరుతో 8 కోట్లున్నాయనుకుందాం. ఇక సంస్థలు కాని ప్రజా వాటాదారుల్లో ప్రవాస భారతీయుల వరుసలో ఒక కోటి. కూడితే 40, 9, 8, 1 కలిసి 58 అయింది.

మిగిలిన 4 ఎక్కడిది? పట్టికను ఎంత శ్రద్ధగా చదివినా పైకి కనిపించని భాగం ఇదే. ఒక శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు పట్టికలో విడిగా ఇస్తారు. వాటిలో భారత్‌లో నమోదైన ఒక పెట్టుబడి కంపెనీ ఉందనుకోండి, దాని చేతిలో 4 కోట్ల షేర్లు. చిరునామా ఇక్కడిదే, పాన్ ఇక్కడిదే, కనుక స్వదేశీ కంపెనీల వరుసలోనే కూర్చుంటుంది. కానీ ఆ కంపెనీలో 55 శాతం విదేశీయులది. విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా, కింద 2019లో వచ్చిన నిబంధనలు దీన్ని పరోక్ష విదేశీ పెట్టుబడి అంటాయి.

ఇక్కడ చాలామంది 4లో 55 శాతం, అంటే 2.2 మాత్రమే లెక్కకు వస్తుందనుకుంటారు. నిబంధన అలా లేదు. ఆ పెట్టుబడి కంపెనీ యాజమాన్యం, నియంత్రణ రెండూ భారత పౌరుల చేతిలో ఉంటే, అందులో 45 శాతం విదేశీ వాటా ఉన్నా, కింది కంపెనీలో దాని పెట్టుబడి విదేశీ లెక్కకు సున్నా. యాజమాన్యమో నియంత్రణో విదేశీయుల చేతిలో ఉంటే మొత్తం 4 శాతమూ విదేశీ ఖాతాలోకే వెళుతుంది. నూరు శాతం అనుబంధ సంస్థల విషయంలో మాత్రం మినహాయింపు ఉంది, వాటికి మాతృ సంస్థలోని విదేశీ వాటా మేరకే లెక్క. ఈ అంతా లేదా సున్నా పద్ధతి మొరటుగా అనిపించవచ్చు. కానీ కంపెనీ మీద కంపెనీ, దాని మీద మరో కంపెనీ ఉన్నచోట ప్రతి మెట్టులోనూ భిన్నాలు గుణించుకుంటూ పోతే ఏ త్రైమాసికంలోనూ లెక్క తేలదు. ఈ పని చేసినవాడిగా నాకు ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

మేం పట్టిక తయారుచేసేటప్పుడు, డీమ్యాట్ షేర్ల లెక్క ఉంచే డిపాజిటరీల నుంచి బెన్‌పోస్ వస్తుంది. అంటే ఏ డీమ్యాట్ ఖాతాలో ఎన్ని షేర్లున్నాయో తెలిపే జాబితా. ప్రతి ఖాతాకూ ఒక వర్గం ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఖాతా తెరిచిన నాటిది, నేటి పరిస్థితి కాకపోవచ్చు. విదేశం నుంచి శాశ్వతంగా తిరిగొచ్చి కూడా ఖాతా మార్చుకోనివారు ప్రవాసులుగానే కనిపిస్తారు. స్వదేశీ కంపెనీ అని ముద్ర ఉన్న ఒక పెద్ద వాటాదారును ఒకసారి యాజమాన్య ధ్రువీకరణ అడిగాం. జవాబు వచ్చాక ఆ వాటా అంతటినీ పరోక్ష విదేశీ పెట్టుబడిగా చూపాల్సి వచ్చింది. బయట నుంచి చూసే మదుపరికి ఇది తెలిసే వీలు తక్కువ. మీకు అనుమానం ఉంటే ఆ వాటాదారు కంపెనీ వార్షిక రిటర్ను, అంటే ఎంజీటీ-7 ఫారాన్ని, కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో రుసుము కట్టి చూడవచ్చు.

అంత శ్రమ అక్కర్లేకుండా 2022 నమూనాలో ఒక చిన్న పట్టిక చేర్చారు. మీరు 62 చూసింది బహుశా అందులోనే. ఒక గడిలో ఆమోదిత పరిమితి, పక్క గడిలో Limits utilized, అంటే వాడుకున్న మేర, ఉంటాయి. కింద గత నాలుగు త్రైమాసికాల అంకెలూ ఇస్తారు. దీన్ని ఫెమా నిబంధనల్లోని విదేశీ పెట్టుబడి నిర్వచనం ప్రకారం నింపాలి. మీ పట్టికలో 62 ఉందంటే పరోక్ష వాటా కూడా ఇందులో కలిసి ఉండవచ్చు. నేను ఏ కంపెనీ చూసినా మొదట తెరిచేది ఇదే.

ఇక పరిమితి సంగతి. ప్రైవేటు బ్యాంకుల్లో అన్ని రకాల విదేశీ పెట్టుబడి కలిపి 74 శాతం దాటకూడదు, ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో 20 శాతం. ఇది అందరికీ కలిపి. విడివిడిగా మరో గీత ఉంది: ఒక ఎఫ్‌పీఐ, దాని బృందంతో కలిపి, ఏ కంపెనీలోనైనా 10 శాతం కన్నా తక్కువే ఉంచుకోవాలి. బ్యాంకుల్లోనైతే 5 శాతానికి చేరాలన్నా రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి కావాలి. పైగా ప్రైవేటు బ్యాంకుల్లో ఒక వాటాదారుకు ఎంత వాటా ఉన్నా ఓటు హక్కు 26 శాతం దగ్గర ఆగిపోతుంది. కాబట్టి 62 శాతం విదేశీయులదంటే బ్యాంకు విదేశీయుల అదుపులోకి పోయిందని అర్థం కాదు. ఆ 62 వందలాది ఫండ్ల మధ్య చెదిరి ఉండవచ్చు, ఒకరి చేతిలోనే ఉండనూ వచ్చు. ఆ తేడా తెలియాలంటే ఒక శాతం పైబడినవారి పేర్లు చదవాల్సిందే.

పరిమితికి ఇంకా 3 శాతమో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు డిపాజిటరీలు ఆ కంపెనీని రెడ్ ఫ్లాగ్, అంటే హెచ్చరిక, జాబితాలో పెడతాయి. 2018 నుంచి ఈ ఏర్పాటు ఉంది. మీ బ్యాంకు 71కి చేరితే ఆ జాబితాలో కనిపిస్తుంది. 74 దాటితే విదేశీయుల కొత్త కొనుగోళ్లను ఎక్స్ఛేంజీలు ఆపేస్తాయి. దాటిన రోజు కొన్న విదేశీ మదుపరులు అదనంగా ఉన్న షేర్లను 5 ట్రేడింగ్ రోజుల్లో స్వదేశీయులకు అమ్మేయాలి. మీరు భారత్‌లో నివసించే మదుపరి అయితే మీ షేర్లకు ఏమీ కాదు. అప్పుడూ కొనవచ్చు, అమ్మవచ్చు, డివిడెండ్ తీసుకోవచ్చు. కాకపోతే కొనేవారిలో ఒక పెద్ద వర్గం కొంతకాలం పక్కకు తప్పుకుంటుంది.

అసలు ప్రభావం పరిమితి నిండకముందే మొదలవుతుంది. అందుకు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు మంచి ఉదాహరణ. విదేశీ ఫండ్లు అనుసరించే ఎంఎస్‌సీఐ సూచీల్లో ఒక కంపెనీకి ఎంత బరువివ్వాలో నిర్ణయించేటప్పుడు విదేశీయులు ఇంకా కొనడానికి ఎంత చోటుందో చూస్తారు. ఆ చోటును పరిమితిలో ఎన్నో వంతు అని లెక్కిస్తారు. అందులో నాలుగో వంతు ఖాళీగా ఉండాలంటే 74లో 18.5 మిగలాలి, అంటే విదేశీ వాటా 55.5 లోపు ఉండాలి. 2024 మార్చి చివరికి ఆ బ్యాంకు ఈ గీతకు సరిగ్గా అంచున ఉంది. జూన్ చివరికి 54.83కు తగ్గింది. జులై మొదట్లో ఆ పట్టిక బయటికి రాగానే, సూచీలో బరువు పెరుగుతుందన్న అంచనాతో షేరు ఎగిరింది. విదేశీయుల వాటా తగ్గిందన్న వార్తకు ధర పెరగడం ఇదే లెక్కతో చూస్తే అర్థమవుతుంది.

మీ బ్యాంకుకు అదే లెక్క వేస్తే 74లో 62 పోగా మిగిలింది 12. పరిమితిలో అది సుమారు 16 శాతం. 12 శాతం చోటుందని పైకి అనిపించినా, సూచీల కొలబద్దతో అది ఇరుకైన చోటే. ఆ పట్టికలోనే ఉన్న గత నాలుగు త్రైమాసికాల అంకెలు చూడండి. 62 అక్కడే నిలకడగా ఉందా, 56 నుంచి ఎగబాకిందా అన్నది నాకు 62 అన్న అంకెకన్నా ముఖ్యం. ఎగబాకుతుంటే, ఏ వరుసలో పెరిగిందో చూడటానికి మాత్రం పెద్ద పట్టికను తెరవాలి: ఎఫ్‌పీఐల వరుసలో పెరిగితే అది మార్కెట్ కొనుగోలు, విదేశీ ప్రమోటరు వరుసలో పెరిగితే దాని వెనుక రిజర్వు బ్యాంకు అనుమతి, కంపెనీ ప్రకటన ఉండి తీరాలి. ఆ ప్రకటన ఎక్స్ఛేంజీ సైట్లోనే దొరుకుతుంది.